ఒకే కొనుగోలు, రెండు లెడ్జర్లు: గ్రాస్, నెట్ పద్ధతులను పక్కపక్కన నడిపిన ప్రాజెక్టు డైరీ

లాగ్ 1: ఏం కడుతున్నాం

ఒకే కొనుగోలును రెండు లెడ్జర్లలో సమాంతరంగా నడిపే స్ప్రెడ్‌షీటు ఇది. ఒక లెడ్జరు డిస్కౌంటు తీయకుండా పూర్తి ధరతో రాసే గ్రాస్ పద్ధతిలో, రెండోది డిస్కౌంటును ముందే తీసేసి రాసే నెట్ పద్ధతిలో నడుస్తుంది. క్యాష్ డిస్కౌంటు, సరుకు తెప్పించుకున్న రవాణా ఖర్చు, వాపసు పంపిన సరుకు... ఈ మూడూ ఒకే కొనుగోలులో కలిసి వస్తే నెలాఖరుకు మిగిలిన స్టాకు విలువ ఎంతని తేలుతుంది? రెండు పద్ధతులు ఇచ్చే జవాబుల మధ్య తేడా ఏ ఖాతాలో చేరుతుంది? చివరి అంకె వరకు ఇది కనిపించేలా షీటు తయారు కావాలి.

ఈ మూడింటినీ విడివిడిగా నేర్చుకోవడం తేలికే. చిక్కంతా ఒకదాని మీద ఇంకొకటి పడినప్పుడు వస్తుంది. వాపసు పోయిన సరుకుకు కట్టిన లారీ కిరాయి ఏమవ్వాలి? సప్లయర్ ఇచ్చిన క్రెడిట్ నోటులో గ్రాస్ ధర ఉంటే నెట్ లెడ్జరులో దాన్ని ఎలా రాయాలి? సగం సరుకు అమ్ముడయ్యాక డిస్కౌంటు అందితే అది ఎవరి వాటా? షీటును ఈ ప్రశ్నల చుట్టూనే కడుతున్నాం.

పరీక్షకు పెట్టుకున్న కేసు ఇదీ. అంకెలన్నీ ఒకే కరెన్సీలో ఉన్నాయనుకుంటే చాలు.

ఒకే రకం సరుకు, మొత్తం 1,000 యూనిట్లు. జాబితా ధర యూనిట్‌కు 125, దాని మీద 20 శాతం ట్రేడ్ డిస్కౌంటు. అంటే ఇన్వాయిస్ ధర 100. సప్లయర్ రెండు ఇన్వాయిస్‌లు ఇచ్చాడు: ‘ఎ’లో 600 యూనిట్లు, ‘బి’లో 400 యూనిట్లు. రెండింటికీ తేదీ నెలలో 3. షరతు 2/10, నెట్ 30. అంటే పది రోజుల్లోపు కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే ముప్పై రోజుల్లో పూర్తి మొత్తం. సరుకంతా ఒకే లారీలో వచ్చింది, కిరాయి 3,000. దాన్ని మనమే నేరుగా రవాణాదారుకు కట్టాం. 7వ తేదీన లోపమున్న 100 యూనిట్లు వెనక్కి వెళ్లాయి, ‘ఎ’ నుంచి 60, ‘బి’ నుంచి 40. 10వ తేదీకి 500 యూనిట్లు అమ్ముడయ్యాయి. 12న ‘ఎ’ బిల్లు డిస్కౌంటుతో కట్టేశాం. ‘బి’ని నెలాఖరుకు కూడా కట్టలేదు.

ట్రేడ్ డిస్కౌంటు గురించి ఇక మాట్లాడేదేమీ లేదు. 125 అన్న అంకె ఏ లెడ్జరులోనూ కనిపించకూడదు. ఇన్వాయిస్‌లో కనిపించినా సరే, లెక్క 100 దగ్గరే మొదలవుతుంది. రెండు పద్ధతుల మధ్య వాదమంతా ఆ 2 శాతం గురించే.

లాగ్ 2: గ్రాస్ లెడ్జరు

గ్రాస్ పద్ధతిలో సరుకు వచ్చిన రోజు డిస్కౌంటు ఊసే ఉండదు. స్టాకు ఖాతాకు 1,00,000 డెబిట్, సప్లయర్ ఖాతాకు 1,00,000 క్రెడిట్. లారీ కిరాయి 3,000 కూడా స్టాకుకే డెబిట్. సరుకును ఇక్కడికి చేర్చడానికి అయిన ఖర్చు సరుకు ఖరీదులో భాగమని స్టాకు లెక్కలకు సంబంధించిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2లోని 11వ పేరా నేరుగా చెబుతుంది. కిరాయిని ఆ నెల ఖర్చుగా రాసేస్తే అమ్ముడుపోని సరుకు తాలూకు కిరాయి కూడా ముందే ఖర్చైపోతుంది. సరుకును కొనుగోలుదారుకు పంపడానికి అయ్యే కిరాయి వేరు, అది అమ్మకం ఖర్చు. రవాణాదారు ఒక్కడే అయితే రెండు కిరాయిలూ ఒకే బిల్లులో కలిసి వస్తుంటాయి. అందుకే షీటులో బిల్లు మొత్తంతో పాటు ‘లోపలికా, బయటికా’ అన్న గడి తప్పనిసరి చేశాం.

వాపసు రోజు సప్లయర్‌కు 10,000 డెబిట్, స్టాకుకు 10,000 క్రెడిట్.

మొదటి మెలిక ఇక్కడే ఉంది. ఆ 100 యూనిట్లు రావడానికి కట్టిన కిరాయి 300. సప్లయర్ దాన్ని తిరిగి ఇవ్వడం లేదు. దాన్ని కదపకుండా వదిలేస్తే 3,000 కిరాయిని 900 యూనిట్లు మోయాలి, యూనిట్‌కు 3.33 పడుతుంది. మంచి సరుకు ఇక్కడికి రావడానికి అయింది 3 మాత్రమే. పైనున్న 0.33 పనికిరాని సరుకును తెచ్చి వెనక్కి పంపినందుకైన నష్టం. పది లోడ్లు వస్తే ప్రతిదానిలో ఒకటో రెండో యూనిట్లు వెనక్కి పోవడం ఆ వ్యాపారంలో మామూలే అయితే, ఆ కిరాయిని ఖరీదులోనే ఉంచడాన్ని సమర్థించుకోవచ్చు. ఒకేసారి పదో వంతు సరుకు వెనక్కి పోవడాన్ని మాత్రం మామూలు అనలేం. అసాధారణ వృథాను స్టాకు ఖరీదులో కలపవద్దని ఐఏఎస్ 2లోని 16వ పేరా చెప్పే సూత్రం ప్రకారం 300ను ‘వాపసు నష్టం’ ఖాతాకు తీశాం. వాపసు పంపడానికి మనం వేరే కిరాయి కట్టి ఉంటే అదీ ఆ ఖాతాకే వెళ్లేది, స్టాకు దరిదాపుల్లోకి రాదు.

ఇప్పటికి స్టాకు ఖాతా: 1,00,000 + 3,000 − 10,000 − 300 = 92,700. యూనిట్లు 900. సగటు ఖరీదు సరిగ్గా 103. అంటే ధర 100, కిరాయి 3. ఈ సగటు గుండు అంకెగా రావడం షీటుకు మంచి పరీక్ష. 103.33 కనిపించిందంటే వాపసు సరుకు కిరాయి ఇంకా లోపలే ఉందన్నమాట.

లాగ్ 3: డిస్కౌంటు ఆలస్యంగా వచ్చింది

10వ తేదీన అమ్ముడైన 500 యూనిట్ల ఖరీదు 103 చొప్పున 51,500. స్టాకులో మిగిలినవి 400 యూనిట్లు, విలువ 41,200. రెండు రోజుల తర్వాత ‘ఎ’ బిల్లు కట్టాం. బాకీ 54,000, డిస్కౌంటు 1,080, చేతి నుంచి వెళ్లింది 52,920.

ఈ 1,080ని ఎక్కడ రాయాలన్నది గ్రాస్ పద్ధతిలో అసలు పరీక్ష. ఆచరణలో మూడు రకాలు కనిపిస్తాయి. మూడింటినీ షీటులో నడిపి చూశాం.

మొదటిది, ‘డిస్కౌంటు ఆదాయం’ ఖాతాకు మొత్తం జమ చేసేయడం. సులువు, అందుకే ఎక్కువగా కనబడుతుంది. మిగిలిన స్టాకు 41,200 దగ్గరే నిలిచిపోతుంది. అమ్మని సరుకు మీద వచ్చిన తగ్గింపు కూడా ఈ నెల లాభంలో కలిసిపోతుంది. కొనడం వల్ల లాభం పుట్టదు, ఖరీదు తగ్గుతుందంతే. ఇలా గడువులోపు కట్టినందుకు వచ్చే సెటిల్‌మెంట్ డిస్కౌంట్లను స్టాకు ఖరీదులోంచి తీసివేయాలని, ఆ ప్రమాణాలకు వివరణలిచ్చే కమిటీ ఐఎఫ్ఆర్ఐసీ 2004లోనే స్పష్టం చేసింది.

రెండోది, మొత్తం 1,080నీ స్టాకుకు క్రెడిట్ చేయడం. ఇది సరైనట్టే కనిపిస్తుంది, కానీ అమ్మకాలు మధ్యలో జరిగిపోయాయి. స్టాకు 40,120కి పడిపోతుంది, యూనిట్‌కు 100.30. నిజానికి 900 యూనిట్ల మీద పరవాల్సిన తగ్గింపును మిగిలిన 400 యూనిట్ల నెత్తిన రుద్దినట్టు. స్టాకు ఇంకా తక్కువ మిగిలి ఉంటే ఈ లోపం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 50 యూనిట్లే మిగిలి ఉంటే యూనిట్ ఖరీదు 81.40కి దిగిపోతుంది. నెలాఖరులో ఒక సరుకు సగటు ఖరీదు ఇన్వాయిస్ ధర కన్నా బాగా కిందికి జారిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

మూడోది, పంచడం. 900లో అమ్ముడైనవి 500 కాబట్టి 600 అమ్మిన సరుకు ఖరీదుకు, 480 స్టాకుకు. అమ్మిన సరుకు ఖరీదు 50,900. మిగిలిన స్టాకు 40,720, యూనిట్‌కు 101.80. రెండు చోట్లా ఒకే సగటు వచ్చింది కనుక లెక్క కుదిరింది. షీటులో మేం ఉంచింది దీన్నే.

స్టాకును నెలాఖరులో మాత్రమే లెక్కించే పీరియాడిక్ విధానంలో ఈ బెడద ఉండదు. కొనుగోళ్లు, వాపసులు, డిస్కౌంట్లు, కిరాయి విడి ఖాతాల్లో పోగుపడి, చివర్లో ఒక్కసారే 900 యూనిట్ల మీద పరుచుకుంటాయి. ప్రతి అమ్మకానికీ అక్కడికక్కడే ఖరీదు రాసే సాఫ్ట్‌వేరులోనే ఇది తలనొప్పి.

లాగ్ 4: నెట్ లెడ్జరు

నెట్ పద్ధతిలో మొదటి రోజే డిస్కౌంటు వస్తుందని పెట్టుకుంటాం. స్టాకుకు 98,000, సప్లయర్‌కు 98,000. కిరాయి అదే 3,000, దాని మీద డిస్కౌంటు లేదు. వాపసు 100 యూనిట్లు 98 చొప్పున 9,800. వాపసు కిరాయి 300 యథాప్రకారం బయటికి. మిగిలింది 90,900, యూనిట్‌కు 101.

10న అమ్మిన 500 యూనిట్ల ఖరీదు 50,500, మిగిలిన స్టాకు 40,400. 12న ‘ఎ’ బిల్లు కట్టినప్పుడు సప్లయర్‌కు 52,920 డెబిట్, బ్యాంకుకు 52,920 క్రెడిట్. అంతే. పంచడానికి ఏమీ లేదు, వెనక్కి వెళ్లి సరిదిద్దాల్సింది లేదు. మూడో లాగ్‌లోని రభస మొత్తం ఇక్కడ మాయమవుతుంది.

‘బి’ మాత్రం మిగిలింది. దాని గడువు 13తో అయిపోయింది. కట్టాల్సింది 36,000, లెడ్జరులో ఉన్నది 35,280. తేడా 720 ‘పోగొట్టుకున్న డిస్కౌంటు’ ఖాతాకు వెళ్లాలి. ఇది సరుకు ఖరీదు కాదు, ఇరవై రోజులు డబ్బు ఆపుకున్నందుకు కట్టిన వడ్డీ. గడువిచ్చి అమ్మిన ధరలో దాగిన ఫైనాన్సింగ్ భాగాన్ని వడ్డీగా గుర్తించమనే ఐఏఎస్ 2లోని 18వ పేరాకు ఇదే దగ్గరగా ఉంటుంది. ఆ వడ్డీ ఎంతో ఒక్కసారి లెక్కేస్తే ఈ ఖాతా విడిగా ఎందుకుండాలో అర్థమవుతుంది:

```
=2/98*365/20        → 37.2%
=(100/98)^(365/20)-1 → 44.6%
```

మొదటిది మామూలు వార్షిక రేటు, రెండోది చక్రవడ్డీ రేటు. గ్రాస్ లెడ్జరులో ఈ 720 ఎక్కడుందని వెతికితే దొరకదు. 900 యూనిట్ల ఖరీదులో యూనిట్‌కు 0.80 చొప్పున కరిగిపోయి ఉంటుంది. 101.80కీ 101కీ మధ్య తేడా అదే. బిల్లులు కట్టే విభాగం ఆలస్యం చేసిన నెలలో కొనుగోలు విభాగం ‘ఖరీదు పెరిగింది’ అన్న మాట పడాల్సి రావడం గ్రాస్ పద్ధతిలో తరచూ జరిగేదే.

లాగ్ 5: రెండింటినీ సరిపెట్టడం

నెలాఖరున రెండు లెడ్జర్లూ ఇలా తేలాయి.

| | గ్రాస్ | నెట్ |
|---|---|---|
| అమ్మిన సరుకు ఖరీదు | 50,900 | 50,500 |
| వాపసు నష్టం | 300 | 300 |
| పోగొట్టుకున్న డిస్కౌంటు | 0 | 720 |
| మొత్తం ఖర్చు | 51,200 | 51,520 |
| మిగిలిన స్టాకు | 40,720 | 40,400 |
| ఖర్చు + స్టాకు | 91,920 | 91,920 |

చివరి వరుస రెండు వైపులా ఒకటే కావాలి. కట్టింది 52,920, కిరాయి 3,000, ‘బి’కి కట్టాల్సింది 36,000, వెరసి 91,920. పద్ధతి ఏదైనా బయటికి పోయే డబ్బు మారదు, అది ఖర్చుకూ స్టాకుకూ మధ్య ఎలా చీలుతుందన్నదే మారుతుంది. లాభంలో తేడా 320. అది 720లో అమ్ముడుపోని 400 యూనిట్ల వాటా. స్టాకు మొత్తం అమ్ముడైపోతే రెండు పద్ధతుల్లో లాభం ఒకటైపోతుంది, అప్పుడు తేడా ఖాతా పేరులోనే మిగులుతుంది. కాబట్టి స్టాకు ఎక్కువ కాలం నిలవ ఉండే వ్యాపారంలో ఈ ఎంపికకు బరువెక్కువ, వచ్చిన సరుకు వచ్చినట్టే పోయే చోట తక్కువ.

ఇక కావాలనే తప్పులు పెట్టి చూశాం. నెట్ లెడ్జరులో ఎక్కువగా జరిగేది ‘బి’ని నెలాఖరున అలాగే వదిలేయడం. బిల్లు కట్టలేదు కాబట్టి నమోదు చేయాల్సిందేమీ లేదనుకుంటారు. కానీ గడువు 13నే దాటింది. సప్లయర్ బాకీ 35,280గా కనబడుతుంది, అది 720 తక్కువ. ఖర్చు 50,800కి పడిపోతుంది. అప్పుడు గ్రాస్ లెడ్జరులో ఖర్చే ఎక్కువ ఉన్నట్టు తారుమారవుతుంది. పోగొట్టుకున్న డిస్కౌంటు ఉన్న నెలలో, కొంత స్టాకు మిగిలి ఉండగా, నెట్ వైపు ఖర్చు గ్రాస్ వైపు కన్నా తక్కువ వచ్చిందంటే ఇలాంటి బిల్లు ఏదో జారిపోయిందని అర్థం.

షీటులో ఈ తప్పు ఫార్ములాలోనే దాక్కుంటుంది. `F2` చెల్లించిన తేదీ, `E2` డిస్కౌంటు గడువు అనుకుంటే చాలామంది `=IF(F2>E2, ...)` అని రాస్తారు. కట్టని బిల్లుకు `F2` ఖాళీ. ఖాళీ గడిని స్ప్రెడ్‌షీటు సున్నాగా పోలుస్తుంది, సున్నా గడువు కన్నా చిన్నది, కాబట్టి ‘డిస్కౌంటు పోలేదు’ అని జవాబిస్తుంది. అందుకే లెక్క ముగింపు తేదీని `K1`లో పెట్టి ఇలా రాశాం. `B2` వాపసు పోగా మిగిలిన బిల్లు మొత్తం, `C2` డిస్కౌంటు రేటు, `D2` ఇన్వాయిస్ తేదీ.

```
E2: =D2+10
G2: =IF(AND($K$1>E2,OR(F2="",F2>E2)),ROUND(B2*C2,2),0)
```

నెల ముగిసేటప్పటికి గడువు ఇంకా మిగిలి ఉన్న బిల్లును ఇది ముట్టుకోదు. అలాంటి బిల్లు గ్రాస్ వైపు మరో రకం ఇబ్బంది పెడుతుంది. ఉదాహరణకు 28న 20,000 బిల్లు వచ్చింది, వచ్చే నెల 6న డిస్కౌంటుతో కడతాం. నెలాఖరు గ్రాస్ లెడ్జరులో ఆ సరుకు 400 ఎక్కువ ఖరీదుతో కూర్చుంటుంది, తగ్గింపు వచ్చే నెలకు వెళ్తుంది. గ్రాస్ పద్ధతిలో ఉండాలనుకుంటే ఖాతాలు ముగించేటప్పుడు వస్తుందనుకున్న డిస్కౌంటును అంచనా వేసి స్టాకులోంచి తీయాలి. ఆ అంచనా వేయడం మొదలుపెట్టాక చేసేది దాదాపు నెట్ పద్ధతి పనే.

లాగ్ 6: క్రెడిట్ నోటు, సప్లయర్ స్టేట్‌మెంటు

ఇంతవరకు నెట్ పద్ధతి వైపే మొగ్గు కనిపిస్తుంది. మరి దాన్ని వదిలేసిన వాళ్లు ఎందుకు వదిలేస్తారంటే, సప్లయర్ కాగితాల్లో ఏదీ నెట్ అంకెతో రాదు. ఇన్వాయిస్ 60,000 అంటుంది, లెడ్జరు 58,800 అంటుంది. వాపసుకు సప్లయర్ పంపే క్రెడిట్ నోటు 10,000కు ఉంటుంది. బిల్లులు ఎక్కించే వ్యక్తి దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ఏమవుతుందో నడిపి చూశాం. సప్లయర్ ఖాతా 98,000 నుంచి 88,000కు దిగింది. రెండు బిల్లుల నెట్ బాకీ 88,200. అన్నీ కట్టేసి ముగించాక సప్లయర్ ఖాతాలో 200 డెబిట్ నిల్వ మిగిలిపోయింది. స్టాకు కూడా 200 తక్కువ. ఇలాంటి చిన్నచిన్న డెబిట్ నిల్వలు చాలామంది సప్లయర్ల దగ్గర పేరుకుని ఉంటే, వాటిని గుడ్డిగా రద్దు చేసే ముందు ఒక భాగహారం చేసి చూడండి. నిల్వను 0.02తో భాగిస్తే ఏదో ఒక క్రెడిట్ నోటు మొత్తం సరిగ్గా వచ్చిందంటే మూలం దొరికినట్టే.

పరిష్కారం స్టాకును నెట్‌లో, సప్లయర్ ఖాతాను గ్రాస్‌లో ఉంచి, మధ్యలో ఒక ఖాతా పెట్టడం. దానికి ‘రావలసిన డిస్కౌంటు’ అని పేరు పెట్టుకున్నాం. బ్యాలెన్స్ షీటులో ఇది సప్లయర్ బాకీలోంచి తీసివేతగా కనిపిస్తుంది, ఆస్తిగా విడిగా చూపకూడదు. అదే కేసు ఈ మూడు ఖాతాలతో ఇలా నడిచింది.

సరుకు వచ్చిన రోజు స్టాకుకు 98,000, రావలసిన డిస్కౌంటుకు 2,000 డెబిట్. సప్లయర్‌కు 1,00,000 క్రెడిట్. వాపసు రోజు సప్లయర్‌కు 10,000 డెబిట్, స్టాకుకు 9,800, రావలసిన డిస్కౌంటుకు 200 క్రెడిట్. ఇప్పుడు క్రెడిట్ నోటులోని 10,000ను ఉన్నదున్నట్టే ఎక్కించవచ్చు, విభజన షీటు చూసుకుంటుంది. ‘ఎ’ కట్టిన రోజు సప్లయర్‌కు 54,000 డెబిట్, బ్యాంకుకు 52,920, రావలసిన డిస్కౌంటుకు 1,080 క్రెడిట్. నెలాఖరున ‘బి’ గడువు దాటింది కాబట్టి పోగొట్టుకున్న డిస్కౌంటుకు 720 డెబిట్, రావలసిన డిస్కౌంటుకు 720 క్రెడిట్. ‘బి’ తర్వాత ఎప్పుడు కట్టినా 36,000 నేరుగా సప్లయర్‌కు, బ్యాంకుకు.

మధ్య ఖాతాను కూడితే 2,000 − 200 − 1,080 − 720 = 0. ఈ సున్నాయే మొత్తం ఏర్పాటుకు కాపలా. గడువు మిగిలి ఉన్న బిల్లుల తాలూకు 2 శాతం తప్ప ఈ ఖాతాలో ఇంకేం మిగిలినా ఎక్కడో ఒక వాపసో, ఒక గడువో, ఒక చెల్లింపో తప్పుగా ఎక్కిందన్నమాట. సప్లయర్ స్టేట్‌మెంటుతో బాకీ పోల్చినప్పుడు కూడా అంకెకు అంకె కలుస్తుంది, ఎందుకంటే రెండూ గ్రాసే.

ఇదే పరీక్షలో కిరాయి తప్పు కూడా దొరికింది. కొందరు సప్లయర్లు కిరాయి ముందే కట్టి ఇన్వాయిస్‌లో కలుపుతారు. ‘ఎ’లో అలా 1,800 కలిసి, వాపసు తర్వాత చెల్లించాల్సింది 55,800 అయిందనుకుందాం. 2 శాతాన్ని మొత్తం మీద వేస్తే 1,116 వస్తుంది. డిస్కౌంటు సరుకు మీదే కాబట్టి రావలసింది 1,080. ఆ 36 తక్కువ కట్టినట్టు సప్లయర్ లెక్కలో నిలిచిపోతుంది. కొందరు సప్లయర్లైతే తక్కువ కట్టారన్న కారణంతో మొత్తం డిస్కౌంటునే రద్దు చేస్తారు. మధ్య ఖాతాలో ఇది −36గా బయటపడింది. అందుకని ఇన్వాయిస్ ఎక్కించే చోట సరుకు మొత్తం, కిరాయి మొత్తం రెండు వేర్వేరు గళ్లు చేసి, రేటును మొదటి గడికే కట్టేశాం. తిరిగి వచ్చే పన్ను ఉంటే దానికి మూడో గడి. ఆ పన్ను స్టాకు ఖరీదులోకి రాదు. డిస్కౌంటు దాని మీద వర్తిస్తుందా లేదా అన్నది సప్లయర్‌తో కుదిరిన షరతును బట్టి ఉంటుంది.

లాగ్ 7: డబ్బు కట్టేశాక వాపసు

వచ్చే నెలలో ‘ఎ’ సరుకులోంచి ఇంకో 20 యూనిట్లలో పైకి కనబడని లోపం బయటపడి, వాటిని వెనక్కి పంపాల్సి వచ్చిందనుకుందాం. ‘ఎ’ని డిస్కౌంటుతో ముందే కట్టేశాం. కాబట్టి సప్లయర్ ఇచ్చేది 20 × 98 = 1,960, మనం ఎంత కట్టామో అంత. 2,000కు క్లెయిము పంపితే మిగతా 40 ఎప్పటికీ రాదు, సప్లయర్ ఖాతాలో పాతబడిపోతుంది.

స్టాకులోంచి తీయాల్సింది మాత్రం పుస్తకంలోని సగటు ఖరీదు. నెట్ లెడ్జరులో 20 × 101 = 2,020. వచ్చేది 1,960, నష్టం 60. అది సరిగ్గా ఆ 20 యూనిట్ల లారీ కిరాయి. గ్రాస్ లెడ్జరులో 20 × 101.80 = 2,036, నష్టం 76. ఇందులో 60 కిరాయి, మిగతా 16 ఏమిటి? ‘బి’ బిల్లు ఆలస్యమైనందుకు పోయిన డిస్కౌంటు సగటులో కలిసి ‘ఎ’ సరుకు మీద కూడా పడింది, అందులోని వాటా. లోపమున్న సరుకు మీద వచ్చిన నష్టాన్ని సప్లయర్ ముందు పెట్టి పరిహారం అడిగేటప్పుడు 60కి కాగితం చూపించగలం. 16కి చూపించలేం, ఎందుకంటే అది మనం ఆలస్యంగా కట్టినందుకు మన మీద పడింది. ఇది చూశాక షీటులో గ్రాస్ లెడ్జరును పోలిక కోసమే ఉంచి, రోజువారీ ఎంట్రీలను మధ్య ఖాతా ఉన్న నెట్ లెడ్జరుకు మార్చాం.

ఒక షరతు మాత్రం రాసి పెట్టుకోవాలి. డిస్కౌంటు గడువులోపు ఎప్పుడూ కట్టని వ్యాపారంలో నెట్ పద్ధతి సిద్ధాంతపరంగా సరైనదే అయినా, ప్రతి బిల్లూ పోగొట్టుకున్న డిస్కౌంటు ఖాతాలోకి వెళ్తుంటుంది. అలాంటి చోట ఆ ఖాతాను ఆలస్యానికి సూచికగా చూడలేం. నెలనెలా వచ్చే మామూలు వడ్డీ ఖర్చుగానే చదవాలి.

తర్వాతి విడతకు మిగిలింది

ఇప్పటిదాకా లారీలో ఒకే సరుకు ఉంది కాబట్టి కిరాయిని యూనిట్ల లెక్కన పంచితే సరిపోయింది. రెండు సరుకులు కలిసి వస్తే ప్రాతిపదిక గడి కావాలి. పరీక్షకు 600 యూనిట్లు 4 కిలోల చొప్పున, 400 యూనిట్లు 1.5 కిలోల చొప్పున, ధర రెండింటికీ 100 పెట్టి చూశాం. 3,000 కిరాయిని విలువ మీద పంచితే రెండు సరుకులకూ యూనిట్‌కు 3. బరువు మీద పంచితే బరువైన దానికి 4, తేలికైన దానికి 1.50. రవాణాదారు బిల్లు బరువు మీద వేస్తే బరువునే వాడాలి, ఘనపరిమాణం మీద వేస్తే దాన్నే. విలువ మీద పంచడం ఇన్సూరెన్సు లాంటి ఖర్చులకు తగినది. ఈ గడి వచ్చాక వాపసు నష్టం ఫార్ములా కూడా మారాలి. ప్రస్తుతం అది కిరాయిని మొత్తం యూనిట్లతో భాగిస్తోంది. ఇక మీదట వాపసు పోయిన సరుకు ఏదో చూసి, దాని రేటునే తీసుకోవాలి. లేదంటే తేలిక సరుకును వాపసు పంపినప్పుడు 1.50 చొప్పున తీయాల్సిన చోట 3 చొప్పున బయటికి తీసి, మిగిలిన స్టాకును లేనిపోని తక్కువ ఖరీదుకు దించేస్తుంది.